ముడులత్రాడు చూపిన త్రోవ

1789వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన తెల్లవారుచుండగా, పసిఫిక్ మహాసముద్రమున టోంగా దీవుల చెంత 'బౌంటీ' అను ఆంగ్లేయుల ఓడపై తిరుగుబాటు జరిగెను. తాహితీ ద్వీపమునుండి సీమపనస మొక్కలను పశ్చిమ ఇండియా దీవులకు కొనిపోవుటకై ఆ ఓడ బయలుదేరియుండెను. తిరుగబడిన నావికులకు ఫ్లెచర్ క్రిస్టియన్ నాయకుడు. వారు ఓడ అధిపతియైన విలియం బ్లైని నిద్రలో పట్టి, చేతులు కట్టి, ఓడకు చెందిన ఒక చిన్న పడవలోనికి దింపిరి. ఆయనతో పాటు మరి 18 మంది ఆ పడవ నెక్కిరి.

పడవ పొడవు 23 అడుగులు. వెడల్పు 7 అడుగులకు కొంచెము తక్కువ. పందొమ్మండుగురు కూర్చుండుసరికి దాని అంచు నీటికి అతి సమీపమునకు వచ్చెను. వారికి దొరకిన ఆహారము 150 పౌనుల రొట్టె, కొంచెము పందిమాంసము, 28 గ్యాలన్ల మంచినీరు, కొంత మద్యము మాత్రమే. త్రోవ తెలిసికొనుటకు ఒక దిక్సూచియు, సూర్యుని ఎత్తును కొలుచు క్వాడ్రంట్ అను సాధనమును దక్కెను. సముద్రపటములను, ఓడయందలి కాలమాపకమును తిరుగుబాటుదారులు తాకనీయలేదు.

మొదట వారు ఆహారము సేకరించుటకై సమీపమందున్న టోఫువా ద్వీపమున దిగిరి. అచ్చటివారు రాళ్ళతో పైబడి ఒకనిని చంపిరి. మిగిలిన 18 మంది మే 2వ తేదీ సాయంకాలము ప్రాణములు దక్కించుకొని సముద్రములోనికి సాగిరి. తుపాకులు లేని వారికి దగ్గరి దీవులలో దిగుటకు ఇక ధైర్యము చాలలేదు. తప్పక సహాయము దొరకు చోటు తిమోర్ ద్వీపముననున్న డచ్చివారి స్థావరము ఒక్కటే. అది ఎంత దూరము? బ్లై తన జ్ఞాపకమును బట్టి, చేతనున్న అక్షాంశ రేఖాంశముల పట్టికను బట్టి లెక్కించి, పూర్తిగా 1200 లీగులున్నదని చెప్పెను. లీగు అనగా మూడు నౌకామైళ్ళు. కావున ఆ దూరము 3600 నౌకామైళ్ళు.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. గట్టుగాని, గుర్తుగాని కానరాని నీటి నడుమ, తాము ఎంత దూరము వచ్చితిమో, ఇంకెంత మిగిలినదో ఆ పడవలోనివారు ఎట్లు తెలిసికొనిరి? ఇది కేవలము కుతూహలముతో అడుగవలసిన ప్రశ్న కాదు. రోజునకు ఎంత రొట్టె పంచవలెనో ఆ సమాధానమును బట్టియే నిర్ణయింపవలసియుండెను. దూరము తక్కువగా ఎంచి ఎక్కువ తినినచో నడిసముద్రమున ఆకలితో చావవలసివచ్చును.

ఆ ప్రశ్నకు సమాధానమిచ్చు పద్ధతిని నావికులు 'డెడ్ రెకనింగ్' అందురు. దాని సారము మిక్కిలి సులభము. పడవ బయలుదేరిన చోటు తెలియును. అది ఏ దిక్కునకు పోయినదో, ఎంత వేగముతో పోయినదో, ఎంతసేపు పోయినదో తెలిసినచో, ఇప్పుడెచ్చట నున్నదో లెక్క కట్టవచ్చును. గంటకు నాలుగు మైళ్ళ వేగముతో పడమరకు ఆరు గంటలు పోయిన పడవ, బయలుదేరిన చోటికి పడమరగా 24 మైళ్ళ దూరమున నుండవలెను. ఆ 24 మైళ్ళ చివరనున్న బిందువు తరువాతి లెక్కకు మొదలగును. ఇట్లు ఒక గీత చివర మరియొక గీత కలుపుచు పోవుటయే ఈ విద్య. దిక్కు, వేగము, కాలము అను మూడింటిలో దేనిని కొలుచుటలో పొరపాటు జరిగినను, ఆ పొరపాటు తరువాతి గీతలన్నింటికిని సంక్రమించును.

మూడింటిలో వేగమును కొలుచుట కష్టమైన పని. బండికి చక్రములున్నవి, చక్రము ఎన్నిసార్లు తిరిగినదో లెక్కింపవచ్చును. పడవకు అట్టి ఆధారము లేదు. ప్రయాణము మొదటి దినములలో బ్లై వేగమును కంటితో అంచనా వేయవలసివచ్చెను. కొద్ది దినములకు ఆయన ఒక త్రాటికి గుర్తులు పెట్టించి, కొందరిచే సెకండ్లు లెక్కించుట అభ్యాసము చేయించెను. సాధనచేత వారు ఆ పనిని కొంత ఖచ్చితముగా చేయగలిగిరి. ఆ త్రాడే వారికి మైలురాయి.

ఆ త్రాడు పనిచేయు తీరు ఇది. త్రాటి చివర ఒక చిన్న చెక్కపలకను కట్టుదురు. దాని క్రింది అంచున సీసము బిగించుటచే అది నీటిలో నిటారుగా నిలుచును. పడవ వెనుకభాగమైన అమరమునుండి పలకను నీటిలో విడుతురు. పలక నీటిని పట్టుకొని దాదాపు విడిచిన చోటనే నిలుచును. పడవ ముందునకు సాగిపోవును. చేతిలోని త్రాడు జారుచుండును. నిర్ణీతమైన కాలములో ఎంత త్రాడు జారినదో అదియే ఆ కాలములో పడవ సాగిన దూరము. పడవ వెనుక సుడులు తిరుగు నీరు పలకను లాగకుండుటకై మొదట కొంత త్రాటిని ఊరక విడిచి, అటుపిమ్మట వచ్చు గుర్తునుండి లెక్క మొదలిడుదురు.

త్రాటికి ముడులు వేయుటలో చక్కని ఉపాయమున్నది. నౌకామైలు 1852 మీటర్లు. గంటకు 3600 సెకండ్లు. గంటకు ఒక నౌకామైలు పోవు పడవ 28 సెకండ్లలో 14.4 మీటర్లు పోవును. అందుచే త్రాటికి 14.4 మీటర్ల కొకటి చొప్పున ముడులు వేసి, 28 సెకండ్లలో ఎన్ని ముడులు జారినవో లెక్కించినచో, పడవ గంటకు అన్ని నౌకామైళ్ళు పోవుచున్నదని వెంటనే తెలియును. గుణకారముతోగాని భాగహారముతోగాని పనిలేదు. ఆంగ్లభాషలో ముడిని 'నాట్' అందురు. నేటికిని ఓడల వేగమును నాట్లలో చెప్పుటకు ఈ ముడులత్రాడే మూలము.

పెద్ద ఓడలలో 28 సెకండ్లను కొలుచుటకు ఇసుక గడియారముండెడిది. బ్లై పడవలో మనుష్యుడే నోటితో లెక్కింపవలెను. ఆ లెక్కలో తేడా వచ్చినచో ఏమగును? పడవ నిజముగా నాలుగు నాట్ల వేగముతో పోవుచున్నదనుకొనుడు. లెక్కించువాడు తొందరపడి 24 సెకండ్లకే 28 అని ముగించినచో, ఆ తక్కువ సమయములో మూడున్నరకు లోపుగనే ముడులు జారును. దినమంతయు అట్లే లెక్కించినచో, పడవ 96 మైళ్ళు పోయియుండగా పలకపై 82 మైళ్ళని వ్రాయుదురు. ఒక్క దినమున 14 మైళ్ళ తేడా వచ్చును. అంతకంటె ముందేదో తీరముగాని దిబ్బగాని ఉన్నదనుకొనుడు. అది ఇంకను దూరముగా నున్నదని తలచి రాత్రి నిశ్చింతగా పోవుచుండగనే పడవ దానికి తగులును. నిదానముగా లెక్కించువాని పొరపాటు దీనికి విపరీతము. వాడు రాని దూరమును వచ్చినట్లు చూపి, తీరము కానరాలేదని అందరిని నిరాశపరచును.

ఈ పొరపాటును పట్టుటకు మార్గము లేకపోలేదు. పడవలోని ఫిరంగుల అధికారి యొద్ద ఒక జేబుగడియారముండెను. ప్రయాణములో చాలభాగము వారు కాలమును దానినిబట్టియే నిర్ణయించుకొనిరి. ఆస్ట్రేలియా తీరమున నున్నప్పుడు అది ఆగిపోయెను. అటుపిమ్మట సూర్యోదయము, మధ్యాహ్నము, సూర్యాస్తమయము అను మూడు వేళలు మాత్రమే తనకు నిశ్చయముగా తెలియునని బ్లై వ్రాసికొనెను.

త్రాటి విషయమునను ఒక జాగ్రత్త కలదు. జనపనార వంటి వాటితో పేనిన త్రాడు తడిసినచో కురుచయగును. పొడి త్రాటిని కొలిచి ముడులు వేసినచో నీటిలో పడిన తరువాత ముడులు దగ్గరకు వచ్చి, పడవ వేగము ఉన్నదానికంటె ఎక్కువగా కానవచ్చును. కావున అనుభవజ్ఞులు త్రాటిని ముందుగా నానబెట్టి, సాగదీసి, తడిగా నున్నప్పుడే ముడులు వేయుదురు.

త్రాడు లేనప్పుడు మరియొక విధముగా వేగము కొలువవచ్చును. పడవ ముందుభాగమైన అణియమువద్ద ఒక చెక్కముక్కను నీటిలో వేసి, అది అమరమును చేరుటకు ఎన్ని సెకండ్లు పట్టినదో చూచినచో చాలును. పెద్ద ఓడకు ఇది పనికివచ్చును. కాని 23 అడుగుల పడవ నాలుగు నాట్ల వేగముతో పోవునప్పుడు ఆ చెక్క మూడున్నర సెకండ్లలోనే వెనుకబడును. అంత స్వల్పకాలములో అరసెకండు తప్పినను ఏడవవంతు తప్పినట్లే. త్రాటితో 28 సెకండ్లు కొలుచునప్పుడు అదే అరసెకండు 56వ వంతు మాత్రమే. పడవ చిన్నదగుకొలది త్రాటి అవసరము ఎక్కువగుటకు కారణమిదియే.

వేగము తరువాత దిక్కు. దిక్సూచిపై 32 దిక్కులు గుర్తింపబడియుండును. ఒక గుర్తునకు మరియొక గుర్తునకు నడుమ పదకొండుంబావు డిగ్రీలుండును. చుక్కాని పట్టినవాడు ఒక్క గుర్తు ప్రక్కకు పడవను నడపినచో, 60 మైళ్ళు పోవుసరికి పడవ అనుకొన్న చోటికి దాదాపు 12 మైళ్ళు ప్రక్కగా నుండును. అంతేకాక దిక్సూచి ముల్లు సరియైన ఉత్తరమును చూపదు. భూమియొక్క అయస్కాంత ధ్రువము వేరుగా నున్నందున ప్రతిచోటను కొంత తేడా యుండును. ఆ తేడాను కలిపియో తీసివేసియో అసలు దిక్కును తెలిసికొనవలెను.

దిక్సూచి సరిగా నున్నను పడవ దాని ముక్కు చూపిన వైపునకే పోవునని నమ్మరాదు. ప్రక్కనుండి గాలి వీచునప్పుడు పడవ ముందునకు పోవుచునే గాలివాటున ప్రక్కకు జరుగుచుండును. ఇది కంటితో చూచి తెలిసికొనదగినదే. అమరమున నిలిచి వెనుకకు చూచినచో పడవ నడచిన నురుగుచాలు కనబడును. ఆ చాలు పడవ నడుమగీతకు సూటిగా వెనుక నుండక గాలి వచ్చు వైపునకు వాలియున్నచో, ఆ వాలు ఎన్ని డిగ్రీలో పడవ అంతమేర ప్రక్కకు జరుగుచున్నదని అర్థము.

బ్లై పడవకు మరియొక చిక్కు కలిగెను. తుఫాను అలలు అమరము మీదుగా విరిగి లోపల పడుచుండెను. రేయింబవళ్ళు నీరు తోడిపోయుచుండవలసివచ్చెను. అలలకు ప్రక్క చూపినచో పడవ మునుగును. కావున అలలు వెనుకనుండి వచ్చునట్లే పడవను నడపవలసియుండెను. అట్టి వేళ తాము పోగోరిన దిక్కును గాక, నిజముగా పోయిన దిక్కునే లెక్కలో వ్రాయవలెను. కోరికను వ్రాసికొన్న లెక్క పడవను ఎచ్చటికిని చేర్చదు.

ఇప్పుడొక దినపు లెక్కను పూర్తిగా చేసి చూడవచ్చును. ఇది బ్లై చేసిన లెక్క కాదు; ఆయన దాటిన సముద్రమున అట్టి పడవకు ఊహించిన ఉదాహరణము. మధ్యాహ్నమున పడవ దక్షిణ అక్షాంశము 15 డిగ్రీలు, తూర్పు రేఖాంశము 160 డిగ్రీల యొద్ద నున్నదనుకొనుడు. సాయంకాలము ఆరు గంటలవరకు అది నాలుగు నాట్ల వేగముతో సూటిగా పడమరకు పోయెను. అది 24 మైళ్ళు. అప్పుడు గాలి మారుటచే రాత్రి 11 గంటలవరకు అదే వేగముతో వాయవ్యమునకు పోయెను. అది 20 మైళ్ళు. అచ్చటినుండి మరునాటి మధ్యాహ్నమువరకు 13 గంటలు మూడు నాట్ల వేగముతో మరల పడమరకు పోయెను. అది 39 మైళ్ళు.

గళ్ళ కాగితముపై ఒక గడిని ఒక మైలుగా ఎంచి ఈ గీతలను గీసినచో ఫలితము కంటికి కనబడును. వాయవ్యమునకు పోయిన 20 మైళ్ళలో ఉత్తరమునకు 14, పడమరకు 14 మైళ్ళు చొప్పున వచ్చును. మొత్తముమీద పడవ పడమరకు 24, 14, 39 కలిపి 77 మైళ్ళును, ఉత్తరమునకు 14 మైళ్ళును పోయినది.

దీనిని అక్షాంశ రేఖాంశములలోనికి మార్చవలెను. ఒక నౌకామైలు అక్షాంశమున ఒక నిమిషమునకు సమానము. 60 నిమిషములు ఒక డిగ్రీ. పడవ దక్షిణార్ధగోళమున ఉత్తరమునకు, అనగా భూమధ్యరేఖ వైపునకు 14 మైళ్ళు జరిగినందున అక్షాంశము 15 డిగ్రీలనుండి 14 నిమిషములు తగ్గి, 14 డిగ్రీల 46 నిమిషములైనది. రేఖాంశము విషయము వేరు. రేఖాంశరేఖలు ధ్రువముల వైపు పోవుకొలది దగ్గరగును. భూమధ్యరేఖవద్ద ఒక డిగ్రీకి 60 మైళ్ళున్నను, 15వ అక్షాంశమువద్ద 58 మైళ్ళే యుండును. 77ను 58చే భాగించినచో ఒక డిగ్రీ 20 నిమిషములు వచ్చును. కావున పడవ ఇప్పుడు తూర్పు రేఖాంశము 158 డిగ్రీల 40 నిమిషములయొద్ద నున్నది.

ఈ సమాధానము నిజమైనదేనా? దీనిని పరీక్షించుటకు నావికునకు సూర్యుడు సహాయుడగును. మధ్యాహ్నమున సూర్యుడు ఆకాశమున ఎంత ఎత్తున నున్నదో క్వాడ్రంటుతో కొలిచి, పట్టికల సహాయముతో అక్షాంశమును కనుగొనవచ్చును. ఈ పరీక్షలో అక్షాంశము 14 డిగ్రీల 40 నిమిషములని తేలినదనుకొనుడు. లెక్కప్రకారము రావలసినది 14 డిగ్రీల 46 నిమిషములు. అనగా పడవ లెక్కకంటె 6 మైళ్ళు ఉత్తరముగా నున్నది.

ఆ ఆరు మైళ్ళు ఎచ్చటనుండి వచ్చినవి? చుక్కాని కొంచెము ఉత్తరమునకు తిరిగియుండవచ్చును. లేదా సముద్రప్రవాహము పడవను గంటకు పావు మైలు చొప్పున ఉత్తరమునకు మోసికొనిపోయియుండవచ్చును. ప్రవాహమును ముడులత్రాడు ఎన్నడును చూపజాలదు. ఏలయన ప్రవాహము పడవను ఎట్లు మోయునో నీటిలోని పలకను కూడ అట్లే మోయును. కదలుచున్న రైలుపెట్టెలో నడచువాడు తన అడుగులనే లెక్కించి రైలు పోయిన దూరమును తెలిసికొనలేనట్లు, పలకను చూచి నావికుడు నీటి నడకను తెలిసికొనలేడు. ఇది ఈ విద్యకు గల పెద్ద కొరత.

సూర్యుడు ఉత్తర దక్షిణముల తప్పును మాత్రమే దిద్దును. తూర్పు పడమరల తప్పును దిద్దుటకు, బయలుదేరిన చోటి కాలమును నిలుపుకొను మంచి కాలమాపకము కావలెను. అట్టిది 'బౌంటీ'పైననే నిలిచిపోయెను. కావున బ్లై పడమరకు పోయిన దూరమునకు త్రాడు, దిక్సూచి, సెకండ్ల లెక్కయే ముఖ్యాధారములైనవి. మబ్బు పట్టి సూర్యుడు కానరాని దినములలో అక్షాంశమునకు కూడ ఆ లెక్కయే దిక్కయ్యెను.

అట్టి లెక్కను నమ్ముకొన్నవాడు దానియందు ఎంత అనుమానముంచుకొనవలెనో కూడ ఎరిగియుండవలెను. వేగమున అర నాటు తప్పినచో దినమునకు 12 మైళ్ళు తప్పును. పది దినములు తప్పు ఒకే వైపునకు జరిగినచో 120 మైళ్ళగును. అందుచే వివేకవంతుడైన నావికుడు పటముపై ఒక్క చుక్క పెట్టి 'ఇచ్చటనే యున్నాను' అనడు. ఆ చుక్క చుట్టు ఒక వలయమును ఊహించి, 'ఈ వలయములో ఎచ్చటనో యున్నాను' అనును. దినదినమునకు ఆ వలయము పెద్దదగుచుండును. తెలిసిన నేల కనబడగనే అది మరల చిన్న చుక్కయగును.

మే నెల చివరి భాగమున బ్లై ఈ అనుమానమునకు తగినట్లే ప్రవర్తించెను. ఒక్కొక్కనికి పూటకు ఒక పౌనులో 25వ వంతు రొట్టె, పావు పింటు నీరు పంచుచుండిరి. రెండు కొబ్బరి చిప్పలను త్రాసుగా చేసి, ఒక పిస్తోలు గుండును తూనికరాయిగా నుంచి రొట్టెను తూచిరి. దినమునకు మూడు పూటలు అట్లు పంచినచో మిగిలిన రొట్టె 29 దినములకు వచ్చునని తేలెను. లెక్కప్రకారము తిమోర్ చేరుటకు అది చాలును. కాని తిమోర్ చేరలేక ఇంకను దూరమందున్న జావాకు పోవలసివచ్చినచో చాలదు. కావున బ్లై రాత్రిపూట రొట్టెను మానిపించి, మిగిలిన దానిని 43 దినములకు సరిపోవునట్లు చేసెను. అప్పటికే ఆకలిచే కృశించిన వారికి ఆ మాట చెప్పుటకు ఆయన సంకోచించెను. అయినను కారణము వినినపిమ్మట అందరును అంగీకరించిరి.

ఆ దినములలోనే పడవమీదుగా సముద్రపక్షులు ఎగురుట హెచ్చెను. కొన్నింటిని చేతితో పట్టి పచ్చిగనే పంచుకొని తినిరి. నేల దగ్గరపడినదని పక్షులు చెప్పుచుండెను. లెక్కయు ఆస్ట్రేలియా తూర్పు తీరము సమీపించినదని చెప్పుచుండెను. ఆ తీరమునకు ముందు పగడపు దిబ్బ గోడవలె వ్యాపించియున్నదని బ్లై ఎరుగును. రెండు సాక్ష్యములు ఒకే మాట చెప్పుటచే ఆ రాత్రులలో జాగ్రత్త హెచ్చవలసియుండెను.

మే 28వ తేదీ రాత్రి ఒంటిగంటకు, చుక్కాని పట్టినవానికి అలలు విరుగు శబ్దము వినవచ్చెను. బ్లై తల ఎత్తి చూచుసరికి పావు మైలు దూరమున గాలి క్రిందివైపు తెల్లని నురుగు కానవచ్చెను. వెంటనే పడవను ఉత్తరమునకు త్రిప్పిరి. పది నిమిషములలో ఆ శబ్దము వినరాకుండెను. లెక్క వారిని దిబ్బ యొద్దకు తెచ్చినదే గాని, దిబ్బ ఈ గంటలో ఇచ్చట వచ్చునని చెప్పలేదు. చెప్పుట దానికి సాధ్యమును కాదు. ఆ చివరి పావు మైలు చెవికిని కంటికిని చెందినది. తెల్లవారిన తరువాత వారు మరల పడమరకు వచ్చి, దిబ్బలో ఒక సందును కనుగొని, నిశ్చలమైన నీటిలోనికి ప్రవేశించిరి. మరునాడు ఒక చిన్న దీవిలో దిగి, ఆలిచిప్పలను, పండ్లను తిని బలము తెచ్చుకొనిరి.

అచ్చటినుండి తీరము వెంబడి ఉత్తరమునకు సాగి, జలసంధిని దాటి, జూన్ నెల మొదటివారములో మరల విశాలసముద్రమున ప్రవేశించిరి. తెలిసిన నేలను విడిచిరి కావున లెక్క మరల క్రొత్తగా ఆరంభమయ్యెను. తిమోర్ పొడవైన దీవి. చుక్కవలె చిన్నది కాదు. సూర్యునిబట్టి అక్షాంశమును కనిపెట్టుకొనుచు పడమరకు పోయినచో అది తప్పిపోవుట అరుదు. ఎంత దూరము పోవలెనో త్రాడు చెప్పును. లెక్కలో తప్పు పెరుగు వైపు ఏదో తెలిసినవాడు, ఆ తప్పును భరింపగల గమ్యమునే ఎన్నుకొనును.

జూన్ 12వ తేదీన తెల్లవారుజామున మూడు గంటలకు తిమోర్ తీరము కానవచ్చెను. టోఫువా విడిచి అప్పటికి 41 దినములు. త్రాటి లెక్క ప్రకారము వారు నడచిన దూరము 3618 నౌకామైళ్ళు. మొదటి దినమున బ్లై జ్ఞాపకముతో చెప్పినది 3600. ఈ రెండు సంఖ్యలు ఇంత దగ్గరగా వచ్చుట చూచి లెక్కలో తప్పే లేదని తలచరాదు. పడవ తిన్నగా పోలేదు. గాలికి, దిబ్బలకు లొంగి ఇటునటు తిరిగినది. ఒకనాటి తప్పును మరియొకనాటి తప్పు కొంత కొట్టివేసియుండును. అయినను, ఆకలితో వణకుచున్న చేతులతో దినదినము త్రాటిని విడిచి, ముడులను లెక్కించి, అంకెను వ్రాసికొనకపోయినచో, ఏ దినమున ఎంత రొట్టె పంచవలెనో, ఏ రాత్రి మెలకువతో నుండవలెనో వారికి తెలిసియుండెడిది కాదు.

రెండు దినములు తీరము వెంబడి పోయి, జూన్ 14వ తేదీన వారు కూపాంగ్ రేవును చేరిరి. టోఫువానుండి బయలుదేరిన 18 మందియు ప్రాణములతో నుండిరి. వారిలో కొందరికి నిలువబడుటకును శక్తి లేదు.

నేడు చిన్న పడవలో కూడ ఉపగ్రహముల సంకేతములనుబట్టి స్థానమును చూపు యంత్రము ఉండవచ్చును. అది అక్షాంశ రేఖాంశములను క్షణములో చెప్పును. కాని ఉప్పునీరు తగిలినచో యంత్రము చెడును. విద్యుత్తు అయిపోయినచో తెర ఆరిపోవును. ఆ గడియలో నావికునకు మిగులునది యంత్రము చివరిసారి చూపిన చోటు, అప్పటి గంట, దిక్సూచి, పడవ వేగము. వానిని అంతకుముందే కాగితముపై వ్రాసియుంచుకొన్నవాడు మొదటి గీతను వెంటనే గీయగలడు. వ్రాసికొననివానికి గీత మొదలుపెట్టుటకు బిందువే దొరకదు.